మిద్దెకు నాలుగు మార్కులు

ఏడో తరగతి పెద్ద పరీక్షలో తెలుగులో నాకు ముప్పై ఒకటి వచ్చాయి. పాసు కావాలంటే ముప్పై అయిదు రావాలి. లెక్కల్లో గట్టెక్కాను, చరిత్రలో గట్టెక్కాను, తెల్లవాళ్ల ఇంగ్లీషులో కూడా గట్టెక్కాను. పుట్టిన నాటి నుంచి మాట్లాడుతున్న భాషలో మునిగాను. ఇప్పుడు ఎవరికి చెప్పినా నవ్వుతారు. ఆ రోజు నాకు నవ్వు రాలేదు, ఒళ్లు మండింది.

అప్పటికి రెండో యుద్ధం ఇంకా మొదలు కాలేదు. కర్నూలులో మా బాలికల పాఠశాల ఎనిమిదో తరగతి దాకానే. ఎనిమిది పాసైతే ట్రైనింగుకు పోవచ్చు, ట్రైనింగు ముగిస్తే పంతులమ్మ కావచ్చు. నా ఆశంతా అదే. మా వీధి నేతగాళ్ల వీధి. నాయన మగ్గం నేసేవాడు, అమ్మ రాట్నం తిప్పుతూ కండెలు చుట్టేది. ఆడపిల్ల ఏడో తరగతి దాకా పోవడమే మా వీధికి ఒక వింత. నాయన మొదట్లోనే ఒక మాట చెప్పి పెట్టాడు.

"పాసయినంత కాలం పో. ఒక్క తూరి తప్పినావా, రాట్నం ముందర కూర్చో."

ఇది కోపంతో అన్న మాట కాదు. అమ్మకు చూపు మందగిస్తోంది, పోగు తెగితే కనపడదు. కండెలు చుట్టడానికి ఇంట్లో ఇంకో చెయ్యి కావాలి, ఆ చెయ్యి నాది. నాయన స్థానంలో నేనున్నా ఆ మాటే అందును. అందుకే ఆ ముప్పై ఒకటి నా గుండెల్లో రాయి పడ్డట్టు పడింది.

మా తెలుగు పంతులమ్మ కృష్ణా తీరం నుంచి వచ్చింది. వచ్చి ఏడాది కూడా కాలేదు. వయసులో చిన్నదే, ముప్పై లోపు. పాఠం బాగా చెప్పేది, ఎవరినీ కొట్టేది కాదు, పక్షపాతం లేదు. కానీ మా మాట ఆమెకు పంటి కింద రాయి. "ఈడ ఉండాది" అని ఎవరైనా అంటే సుద్దముక్క కింద పెట్టి, "ఇక్కడ ఉంది" అని మళ్లీ చెప్పించేది. శానా అంటే చాలా, యాడ అంటే ఎక్కడ. తరగతిలో మేం నోరు తెరిస్తే సగం సేపు దిద్దుబాటుకే సరిపోయేది. వ్యాసాలు మాకు రావని ఆమె నమ్మకం. అందుకని తానే చెప్పి రాయించేది, వాటిని కంఠతా పట్టమనేది. 'వానకాలము' అని ఒక వ్యాసం చెప్పింది. అందులో ఒక పూరిల్లు, తాటాకుల కప్పు, చూరు నుంచి ధార కట్టిన నీళ్లు, గడపలో వణుకుతున్న బీదవాడు. వినడానికి చక్కగానే ఉంది. తాటాకు కప్పిన ఇల్లు మా తరగతిలో ఎవరూ చూసి ఎరగరు. అయినా అందరూ కంఠతా పట్టారు.

నాకు ఆ విద్య లేదు. పద్యం నిలుస్తుంది, వచనం నిలవదు. ఎంత గుక్క తిప్పుకోకుండా చదివినా రెండో పేరా దగ్గర బండి బురదలో దిగేది.

పరీక్షలో ప్రశ్న 'వాన కురిసిన దినమున మీ యింటి స్థితిని వర్ణింపుము' అని వచ్చింది. ఇరవై మార్కులు. నా చుట్టూ కలాలు టకటకా కదిలాయి, తాటాకులు కాగితాల మీద కురిశాయి. నాకు గుర్తు రాలేదు. సరే, 'మీ యింటి' అన్నారు కదా, మా ఇల్లే రాద్దాం అనుకున్నాను.

రాశాను. మేము బీదవారము. మాది మిద్దె. మబ్బు పట్టగానే మా నాయన మిద్దె ఎక్కి చౌడు మన్ను పోసి తొక్కును. మా అమ్మ గవాచి మీద మూకుడు బోర్లించును. ఆలస్యమైనచో వాన మా నెత్తి మీద పడును. గవాచి మూసినచో ఇంట్లో పగలే చీకటి యగును, పోగు కనపడదు, మగ్గము ఆగును. వాన వచ్చినదని సేద్యగాళ్లు సంతోషింతురు. మా యింట ఆ దినము పని లేదు. ఇట్లా ఒక పుట నిండా రాశాను. పరీక్షల్లో అంత సుఖంగా నేనెప్పుడూ రాయలేదు.

మా ప్రాంతంలో పుట్టినవాళ్లకు ఇందులో వింతేమీ లేదు. మట్టి గోడలు, వాటి మీద దూలాలు, దూలాల మీద కట్టెలు, ఆకు అలము, ఆపైన మన్ను. పైకప్పు నేలలాగా చదునుగా ఉంటుంది. ఆ ఇంటినే మేం మిద్దె అంటాం. కారకుండా ఏటేటా చౌడు మన్ను పోస్తాం. వెలుతురు కోసం, పొగ పోవడానికి కప్పులో ఒక బొక్క వదులుతాం, అది గవాచి. మా ఇంట్లో మగ్గం ఆ గవాచి కిందే ఉండేది, వెలుతురు అక్కడే పడుతుంది కాబట్టి.

ఒక గురువారం పంతులమ్మ దిద్దిన పేపర్లు తరగతిలో పంచింది. చూసుకుని తిరిగి ఇచ్చేయాలి, ఇంటికి పోనివ్వరు. నా వ్యాసానికి ఇరవైకి నాలుగు. పక్కన ఎర్ర సిరాతో రాసి ఉంది: 'అసత్యము. మిద్దె గలవారు బీదలెట్లగుదురు? గవాక్షము గోడకుండును. దానినుండి వాన నెత్తిపై పడుట యెట్లు?'

'అసత్యము' కింద రెండు గీతలు కూడా గీసింది.

పక్కనున్న పిల్ల తొంగి చూసి ఊరుకోలేదు, వెనక్కి చెప్పింది. గంట కొట్టేలోపల తరగతి అంతా పాకింది. ఆ పిల్లకు పదిహేను వచ్చాయి. వాళ్లది పెద్ద రాతి ఇల్లు, కింద నాపరాళ్లు పరిచిన పడసాల. వ్యాసంలో మాత్రం ఆమె తాటాకు చూరు కింద గడగడ వణికింది.

"ఏమ్మే మిద్దె దొరసానీ, మీ మేడ మీద మాకు కొంచెం చోటిస్తావా?" అంది.

"మొదట నీ తాటాకులు దులుపుకో పోమే" అన్నాను. అని పేపరు తిరిగి ఇచ్చేశాను. బయటికి వచ్చాక ఏడుపు వచ్చింది. మార్కులు తక్కువైనందుకు కాదు. తప్పు రాశావు అంటే పడతాను. అబద్ధం రాశావు అంటే ఎట్లా పడేది? అది మా ఇల్లు.

ఇంటికి పోయి ఉన్నదున్నట్టు చెప్పాను. సోమవారం పెద్ద పంతులమ్మ పాసైన వాళ్ల పేర్లు గోడకు అంటిస్తుంది, ఆ లోపల ఏమైనా జరగాలి. రేపు పోయి తరగతిలో అందరి ముందరా నిలదీస్తానన్నాను. తాటాకుల సంగతి కూడా బయట పెడతానన్నాను. అమ్మ కండె చుడుతూ, "నోరు మంచిదైతే ఊరు మంచిదవుతాది. నీ నోటికి ఊరు చాలదు" అంది.

నాయన మగ్గం గుంటలో నుంచి లేవలేదు. అడ్డపోగును అటూ ఇటూ నడిపే నాడె విసురుతూనే మాట్లాడాడు.

"సావుకారి కాడ నేను గుడ్డ పరిస్తే ఏమంటాడు? నేత బాగలేదంటాడు. నేనేమంటాను?"

నాకు తెలుసు. చిన్నప్పుడు ఆయన వెంట పోయి చూశాను. 'బాగుంది' అని నాయన ఎన్నడూ ఎదురు చెప్పడు. 'తప్పు యాడుండాదో వేలు పెట్టి చూపీ సామీ' అంటాడు. సావుకారి వేలు గుడ్డ మీద ఆ చివర నుంచి ఈ చివరకు పోతుంది. నిజంగా పోగు తప్పిన చోట ఆగితే నాయన తల వంచుకుంటాడు. లేకపోతే వేలు ఆగడానికి చోటుండదు.

"అదే అడుగు" అన్నాడు. "వేలు పెట్టి చూపీమని అడుగు. పదిమంది ముందర అడగొద్దు, పదిమంది ముందర ఏ మనిషీ తగ్గడు. ఆయమ్మ ఒంటిగా ఉన్నప్పుడు పో. నీకేం కావాల్నో ముందే అనుకోని పో. నిజంగా తప్పుంటే ఒప్పుకో. వేరే పిల్లోళ్ల మాట ఎత్తొద్దు."

"వాళ్లు రాసిందంతా అబద్ధమే కదా?"

"వాళ్ల గుడ్డ సంగతి నీకేల? నీ గుడ్డ నువ్వు పరుచు."

"ఆమె ఒప్పుకోకపోతే?"

నాడె ఆగింది. "అప్పుడు రాట్నం ఈడనే ఉండాది" అన్నాడు. అని మళ్లీ నేతలో పడ్డాడు. ఆయన మాట మీద నాకు కోపం వచ్చింది, ఆ కోపం చూపించే చోటు లేదు.

మర్నాడు బడి వదిలినాక పంతులమ్మ తన గదిలో మార్కులు ఎక్కిస్తూ కూర్చుంది. ఆమె అలవాటు నాకు తెలుసు, అందరూ పోయేదాకా ఉంటుంది. గడప దగ్గర నిలబడి లోపలికి రావచ్చునా అని అడిగాను. తలెత్తి చూసి రమ్మంది. ఇంట్లో అనుకున్న మాటలు అనుకున్నట్టే అన్నాను.

"అమ్మా, నా తెలుగు పేపరు ఇంకొకసారి చూపిస్తారా? వ్యాసంలో నాకు నాలుగు వచ్చాయి. యాడ తప్పుండాదో..." అని నాలుక కరుచుకున్నాను. "ఎక్కడ తప్పు ఉందో చూపిస్తే తెలుసుకుంటాను."

"కారణం రాశాను కదమ్మా, చదువుకోలేదూ?"

"చదివానమ్మా. అది నాకు అర్థం కాలేదు. అందుకే అడగడానికి వచ్చాను."

ఆమె కట్ట విప్పి నా పేపరు తీసింది. విసుక్కోలేదు, అది ఆమె గొప్ప. వ్యాసం దగ్గరికి వచ్చి, నాయన చెప్పినట్టే, వేలు పెట్టింది.

"ఇదిగో చూడు. మేము బీదవారము. ఆ పక్కనే మాది మిద్దె అన్నావు. మా ఊరు మొత్తం మీద మిద్దెలు ఉన్నవి రెండు. ఒకటి కరణంగారిది, ఇంకొకటి బియ్యం వర్తకుడిది. మిగతా అందరివీ పూరిళ్లు. మిద్దెలో ఉండేవాడు బీదవాడు ఎలా అవుతాడు? ఏదో పుస్తకంలో ఒక వాక్యం, ఇంకో పుస్తకంలో ఒక వాక్యం తెచ్చి అతికించినట్టుంది."

అప్పటికి నాకు బోధపడింది. ఆమె మిద్దె వేరు, నా మిద్దె వేరు. ఆమెకు మిద్దె అంటే ఇంటి మీద ఇల్లు, మేడ. పేదవాళ్లం, మాకు మేడ ఉంది అని నేను రాసినట్టు ఆమె చదివింది. అట్లా చదివితే ఎవరికైనా అది అబద్ధమే. నా కోపం సగం అక్కడే చల్లారింది, అయితే మిగిలిన సగం తక్కువది కాదు.

"అమ్మా, ఈ ఊళ్లో మిద్దె అంటే మేడ కాదు. మట్టికప్పు చదునుగా ఉండే ఇల్లు. మీరు నా మాట నమ్మాలని అడగడం లేదు. నిఘంటువులో చూడమని అడుగుతున్నాను. అందులో నేను చెప్పిన అర్థం లేకపోతే ఇంక మాట్లాడను, ముప్పై ఒకటితోనే పోతాను."

ఆ చివరి మాట ఎందుకన్నానో ఆ దేవుడికే తెలియాలి. ఆ నిఘంటువును నేను ఎన్నడూ తెరిచి చూడలేదు. బీరువాలో ఉంటుంది, తాళం వేసి ఉంటుంది, పిల్లలు ముట్టరాదు. దాంట్లో ఏముందో నాకు తెలియదు. నాయన ఇట్లా చెయ్యమని చెప్పలేదు. ఇది నా సొంత తెగువ.

పంతులమ్మ నన్ను ఒక్క క్షణం చూసి, బీరువా తీసి, ఆ లావు పుస్తకం బల్ల మీద పెట్టింది. మకారం దాకా పుటలు తిప్పింది. వేలు కిందికి జారుతూ వచ్చి ఆగింది.

"మిద్దె. మేడ" అని చదివింది.

రాట్నం చప్పుడు చెవుల్లో వినిపించింది. ఆమె వేలు మాత్రం ఇంకా లేవలేదు. పెదవులు కదుపుతూ ముందుకు చదివింది, వెనక్కి వచ్చి మళ్లీ చదివింది.

"చదునైన పైకప్పు గల ఇల్లు" అంది నెమ్మదిగా. "రెండర్థాలూ ఉన్నాయి."

'చూశారా' అనే మాట నాలుక చివరి దాకా వచ్చింది. మింగేశాను.

ఆమె పుస్తకం మూయలేదు. నా పేపరు మళ్లీ ముందుకు లాక్కుంది. "సరే, మిద్దె ఒప్పుకున్నాను. మరి గవాక్షం? అది కిటికీ. కిటికీ గోడకు ఉంటుంది. దాని మీద మూకుడు బోర్లించడమేమిటి?"

గవాచి కోసం వెతికింది. లేదు. గవాక్షము మాత్రం ఉంది, ఆమె చెప్పిన అర్థంతోనే ఉంది. ఇక్కడ నా చేతిలో పుస్తకం లేదు. గోడలు చూశాను, కప్పు చూశాను. ఆ గది కప్పుకు పెంకులు. దానిలో ఏ సాక్ష్యమూ లేదు.

"మీరుండే ఇంట్లో వంటిల్లు ఉంటుంది కదమ్మా. పొయ్యి పైన కప్పులో బొక్క ఏమైనా ఉందా?"

"పొగగూడు సంగతా? ఉంది."

"వాన వచ్చినప్పుడు దాన్నేం చేస్తారు?"

ఆమె జవాబు చెప్పడానికి నోరు తెరిచి ఆగింది. తర్వాత తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు అంది. "మొదట్లో తెలియక అన్నం గిన్నెలో నీళ్లు పడ్డాయి. అప్పటి నుంచి ఇల్లుగలావిడ పైకెక్కి పాత కుండపెంకు మూస్తోంది. పోయిన వానలకు ముందు గంపలతో మట్టి మోసి కప్పు మీద పోస్తుంటే, ఉన్న ఇల్లు మట్టితో పూడ్చేస్తోందేమిటీ అనుకున్నాను." ఆగి, "ఆవిడ దాన్ని ఏదో అంటుంది. నేను సరిగా వినలేదు" అంది.

"గవాచి అంటుందమ్మా."

"గవాచి అనే అంటుంది" అని ఒప్పుకుంది. వచ్చినప్పటి నుంచి ఆమె ఉంటున్నది మిద్దె కిందనే, వండుకుంటున్నది గవాచి కిందనే.

నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు. ఎర్ర కలం తీసుకుని, సిరాలో ముంచకుండా చేతిలో తిప్పుతూ అడిగింది. "ఈ ఊళ్లో ఇళ్లన్నీ ఇలాంటివే అయితే మిగతా పిల్లలంతా తాటాకు ఇల్లని ఎందుకు రాశారు?"

ఇతరుల మాట ఎత్తవద్దని నాయన అన్నాడు. ఎత్తింది నేను కాదు, ఆమే అడిగింది. పదిహేను మార్కుల దొరసాని మొహం కళ్ల ముందు కదిలింది. అయినా ఉన్నమాట ఎంత అవసరమో అంతే చెప్పాను.

"మీరు చెప్పిన వ్యాసం వాళ్లకు కంఠతా వచ్చిందమ్మా. నాకు రాలేదు."

తిడుతుందేమో అనుకున్నాను. ఆమె మొహం ఎర్రబడింది. ఎర్రబడిందే కానీ నా మీద కోపంతో కాదని నాకు తెలిసిపోయింది, ఎందుకంటే ఆమె నన్ను చూడటం లేదు.

"నీకిప్పుడు ఏం కావాలో చెప్పు" అంది.

దీనికి జవాబు ఇంటి నుంచే తెచ్చుకున్నాను. "వ్యాసం మళ్లీ దిద్దండమ్మా. ఎన్ని ఇస్తారో మీ ఇష్టం. తప్పులుంటే కోయండి. ఇంకొకటి, ఆ అసత్యము అనే మాట కొట్టేయండి. మార్కులు పెరగకపోయినా సరే, అది మాత్రం కొట్టేయండి."

ఆమె మొట్టమొదట చేసింది అదే. కలం ముంచి ఆ మాట మీద అడ్డంగా గీత గీసింది, కింది గీతలతో సహా. తర్వాత అంది. "మళ్లీ దిద్దితే కళ్లు రెండూ తెరిచి దిద్దుతాను. మొదట అబద్ధమనుకుని తప్పులు లెక్కపెట్టలేదు. ఇప్పుడు లెక్కపెడతాను, సరేనా?"

సరే అనక చేసేదేముంది?

భావానికి పన్నెండు వేసింది. నా మొహం విప్పారింది. అంతలోనే కోత మొదలైంది. ఆ కాలంలో అరసున్న లేకపోతే తప్పు, బండి ఱ రాయవలసిన చోట మామూలు ర రాస్తే తప్పు. 'వాఁడు' దగ్గర అరసున్న పోయింది, ఒకటి. 'తెఱచి'కి ర రాశాను, ఇంకొకటి. 'మా యమ్మ' అనవలసిన చోట 'మా అమ్మ', మూడు. 'నేఁడు' దగ్గర నాలుగు. ఆ నాలుగూ తప్పులే, నేను తల వంచుకున్నాను. బండి ఱ ఎక్కడ రాయాలో ఇప్పటికీ నాకు తెలియదు, అది లేని కాలం వచ్చి నన్ను రక్షించింది. అయిదోది గీసి, కూడి, మార్కు వేసింది. పన్నెండులో అయిదు పోతే ఏడు.

నాలుగు ఉన్నచోట ఏడు. ముప్పై ఒకటి ముప్పై నాలుగయింది.

ఒక్కటి తక్కువ. ఆమెకూ తెలిసింది, నాకూ తెలిసింది. ఆ ఒక్కటి దయతో ఇమ్మని అడగాలనిపించింది. కాళ్లు పట్టుకోవాలని కూడా అనిపించింది. ఆమె కలం కాగితం మీదే ఉంది, నేను అడిగితే ఇచ్చేదేమో కూడా. అడగలేదు. బిచ్చమెత్తి పాసయితే ఆ కొట్టేసిన మాట మళ్లీ లేచి కూర్చుంటుందేమో అనిపించింది.

"అయిదో తప్పు ఏదమ్మా? నాలుగు తెలిశాయి. అయిదోది చూపిస్తారా?"

ఆమె వేలు పెట్టింది. "చౌడు. చవుడు అని ఉండాలి."

"మేం చౌడు అనే అంటామమ్మా."

"మీరు చాలా అంటారు" అంది. ఈసారి పెదవి చివర నవ్వు ఉంది. నిఘంటువు ఇంకా బల్ల మీద తెరిచే ఉంది. నేను దానివైపు చూశాను. ఆమె నన్ను చూసింది. చకారం దాకా ఆమే పుటలు వెనక్కి తిప్పింది. చవుడు ఉంది. చౌడు కూడా ఉంది, దర్జాగా, అదే అర్థంతో.

ఏడును కొట్టేసి ఎనిమిది వేసింది.

పని అంతటితో అయిపోలేదు. దిద్దిన మార్కు మారిస్తే కారణం రాసి సంతకం చేసి పెద్ద పంతులమ్మకు చూపాలని నియమం. మా పెద్ద పంతులమ్మ కర్నూలులోనే పుట్టి పెరిగిన పెద్దావిడ. పంతులమ్మ నన్ను వెంటబెట్టుకుని ఆమె గదికి పోయింది. పుట అంచున తాను రాసింది చూపించింది: 'ఈ ప్రాంతమున మిద్దె యనగా మట్టికప్పు గల యిల్లు. విద్యార్థిని వ్రాసినది సత్యము. పొరపాటు నాది.' కింద సంతకం ఉంది.

పెద్దావిడ కళ్లజోడు పైకి తోసుకుని రెండుసార్లు చదివింది. "ఈ పిల్ల ఏడ్చిందా?" అని అడిగింది.

"లేదండీ. నిఘంటువు తీయించింది."

"ఇందుకు నిఘంటువేల తల్లీ? నన్ను పిలిచింటే చెప్పేదాన్ని కదా, నేను పుట్టింది మిద్దెలోనే" అని కింద తన సంతకం పడేసింది. నా వైపు తిరిగి, "బండి ఱ నేర్చుకో" అంది. అంతే.

ఇంటికి ఎట్లా పోయానో గుర్తులేదు. ముప్పై అయిదు అని గడపలోంచే అరిచాను. అమ్మ రాట్నం ఆపింది. నాయన ముప్పై అయిదును పట్టించుకోలేదు.

"అబద్ధమని రాసిన మాట?"

"కొట్టేసింది. నేను రాసింది నిజమని రాసి సంతకం కూడా పెట్టింది."

"ఎవురి చేత్తో?"

"ఆమె చేత్తోనే."

నాయనకు చదువు రాదు. ఆ పుట ఆయన ఎన్నడూ చూడలేదు, చూసినా చదవలేడు. గుంటలో నుంచే గవాచి కేసి చూశాడు. "అయితే రాట్నానికి మా అక్కను రమ్మని అడగల్ల" అని అమ్మతో అన్నాడు. నా చదువుకు ఆ ఇంట్లో తీర్మానం అట్లా జరిగింది.

ఎనిమిదో తరగతికి కూడా తెలుగు ఆమే చెప్పింది. ఆ ఏడు ఒక్క వ్యాసం కూడా చెప్పి రాయించలేదు. "మీ ఇంటి సంగతి మీరే రాయండి" అనేది. ఇందుకు కారణం నేనని తెలిసి తరగతిలో నన్ను తిట్టని పిల్ల లేదు. కంఠతా పట్టి పదిహేను తెచ్చుకునే వాళ్లు సొంతంగా రాసి ఎనిమిదికి దిగారు. పదిహేను మార్కుల దొరసాని చాలాకాలం నాతో మాట్లాడలేదు. మేం 'ఈడ ఉండాది' అంటే మాత్రం ఆమె దిద్దడం మానలేదు.

ఆ ఏడు బడి తెరిచిన కొత్తలో ఒక మధ్యాహ్నం నల్లమల వైపు నుంచి మబ్బు ఒక్కసారిగా కమ్ముకొచ్చింది. పాఠం మధ్యలో ఉంది. ఆ వారం పంతులమ్మ ఉంటున్న ఇంటి ఆవిడ ఊరికి పోయింది, ఇంటికి తాళం వేసి ఉంది. పెంకుల మీద మొదటి చినుకులు టపటపా పడ్డాయి. పంతులమ్మ చదువుతున్న పుస్తకం మూసింది. కిటికీ వైపు చూసి, చేతిలో సుద్దముక్కతో అట్లాగే నిలబడిపోయి, "అయ్యో, మా గవాచి తెరిచే ఉండాది" అంది.

తరగతి అంతా ఘొల్లుమంది. నేను మాత్రం నవ్వలేదు, లేచి, "నేను పోయి మూసి వస్తానమ్మా" అన్నాను. ఆమె తాళంచెవి నా చేతిలో పెట్టింది.